నేను గీయని బాణం

ఆ ఉత్తరం కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒకటిన్నర పేజీ, ఐదు అంశాలు. మొదటి నాలుగూ ఒక్క సాయంత్రంలో రాశాను. ఐదోది రాయడానికి మూడు రోజులు పట్టింది. దాని పొడవు చూస్తే రెండు వాక్యాలు.

అప్పుడు నేను సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పూర్ణా మార్కెట్ వెనక సందులో అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. ఇల్లంటే రెండు గదులు, వెనక చిన్న పంచ. మా ఊళ్ళో అందరిదీ వ్యవసాయమే. నాగలి వదిలి పెన్సిల్ పట్టుకున్న మొదటివాడు బావ. పోర్టు రోడ్డులో ఇనుప షెడ్లు, క్రేన్ గర్డర్లు తయారుచేసే ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన డ్రాయింగ్ ఆఫీసు కిటికీలు పోర్టు వైపుకే ఉండేవి. ఓడలకు ఖనిజం ఎత్తే రోజుల్లో ఎర్రటి ధూళి వచ్చి ట్రేసింగ్ కాగితాల మీద పడేది. ఉదయం వెళ్ళగానే అందరూ చేసే మొదటి పని బోర్డు మీద పాత బట్టతో తుడవడం. గట్టిగా తుడిస్తే సిరా చెరుగుతుంది, మెల్లగా తుడిస్తే ధూళి పోదు. నేను రెండు వేసవి సెలవులు ఆ ఆఫీసులో గడిపాను. మొదటి వేసవి తుడవడంతో, రెండోది లెక్కల కాగితాలు సరిచూడడంతో.

ఆ లెక్కల కాగితాల గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా వాటివల్లే. ఆఫీసులో లెక్కలు రాయడానికి అచ్చు వేయించిన ప్యాడ్లు ఉండేవి. ప్రతి కాగితం పైన ఎడమ మూలలో ఒక చిన్న గడి. ఆ గడిలో వంకర బాణం, దాని పక్కన ప్లస్ గుర్తు. బాణం గడియారం ముల్లుకు ఎదురు దిక్కుగా, అంటే అపసవ్యంగా తిరిగి ఉంటుంది. ఏ దూలానికైనా, ఏ స్తంభానికైనా కొసన పనిచేసే తిప్పే బలాన్ని మూమెంట్ అంటాం. ఆ తిప్పడం బాణం వైపుకైతే ప్లస్, ఎదురైతే మైనస్. అంతే. ఏ వైపును ప్లస్ అనాలన్నది ప్రకృతి చెప్పదు, మనం పెట్టుకునేది. పెట్టుకున్నాక చివరిదాకా తప్పకుండా ఉండాలి.

కాలేజీలో మా ప్రొఫెసర్ గారు దీనికి సరిగ్గా ఎదురు. గడియారం తిరిగే వైపే ప్లస్. ఆయన వయసు యాభై దాటింది. మాట తక్కువ. బోర్డు మీద గీసే గీత స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఆయన పద్ధతి నాకు తెలియక కాదు. రెండు వేసవుల్లో చేతికి పట్టిన అలవాటు బాణాన్ని తిప్పుకోనివ్వలేదు.

రెండో సెషనల్ పరీక్షలో ఇరవై మార్కులకు ఒక ఫ్రేమ్ ఇచ్చారు. తలుపు చట్రంలాంటి ఆకారం. నాలుగు మీటర్ల ఎత్తున రెండు స్తంభాలు, వాటి మీద నాలుగు మీటర్ల దూలం. స్తంభాల పాదాలు కదలకుండా బిగించి ఉన్నాయి. ఎడమ వైపు పైమూలలో 4.2 టన్నుల బలం కుడివైపుకు తోస్తోంది. మూడింటి మందమూ ఒకటే. స్లోప్ డిఫ్లెక్షన్ పద్ధతిలో మూమెంట్లు కట్టి, డయాగ్రమ్, అంటే అవి ఎక్కడ ఎంతో చూపే బొమ్మ, గీయాలి. నాకు జవాబులు శుభ్రంగా వచ్చాయి. ప్రతి స్తంభం పాదం దగ్గర 4.8, తల దగ్గర 3.6. పాదాన్నీ తలనూ కూడి ఎత్తుతో భాగిస్తే 2.1. రెండు స్తంభాలకు 4.2. తోసిన బలమూ అంతే. హాల్లోనే సరిచూసుకుని, పక్కవాళ్ళకంటే పావుగంట ముందు లేచి బయటికి వచ్చాను.

పేపర్లు దిద్ది, రెండు రోజులు మా దగ్గర ఉంచుకోనిచ్చారు. ఇరవైకి నాలుగు.

అందులో ఎర్ర పెన్సిల్ గుర్తు ఒక్కటే ఉంది. ఎడమ స్తంభం సమీకరణంలో, ఫ్రేమ్ పక్కకు ఒరిగినందుకు వచ్చే పదం దగ్గర. ఆయన పద్ధతిలో అక్కడ మైనస్ ఉండాలి. నా దాంట్లో ప్లస్ ఉంది. దాని పక్కన ఎర్రటి ప్రశ్న గుర్తు. ఆ తర్వాత రెండు పేజీల్లో ఎక్కడా ఏ గుర్తూ లేదు. చివర సున్నా చుట్టిన నాలుగు. నాకు అర్థమైంది ఇది: అక్కడ సైన్, అంటే ప్లస్ మైనస్ గుర్తు, తప్పనుకున్నారు, ఆగిపోయారు, ముందుకు చదవలేదు.

నాలుగు వస్తే ఏం పోతుందో కూడా రాయాలి. రెండు సెషనల్ పరీక్షలకూ కలిపి ఎనభైకి నలభై రాకపోతే, ఆ సబ్జెక్టులో ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు. మరుసటి ఏడాది జూనియర్లతో మళ్ళీ చదవాలి. మొదటి పరీక్షలో నాకు ఇరవై ఒకటి. రెండో దానిలో మొదటి లెక్కకు పదమూడు, దీనికి నాలుగు. మొత్తం ముప్ఫై ఎనిమిది. అంటే రెండు తక్కువ. ఊరికి దక్షిణాన కొత్త ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకుంటున్న రోజులవి. ట్రైనీ ఇంజినీర్ల ఎంపికకు మా కాలేజీకి వస్తారని నోటీసు బోర్డులో పెట్టారు. షరతు ఒక్కటే: మూడో సంవత్సరం దాకా ఏ సబ్జెక్టూ మిగిలి ఉండకూడదు. మా ఇంట్లో ఆ ఉద్యోగం అప్పటికే నాకు వచ్చేసినట్టు మాట్లాడుకుంటున్నారు. అక్క అయితే, షిఫ్టు బస్సు మా సందు మొదట్లో ఆగుతుందా లేదా అని కూడా ఎవరినో అడిగి వచ్చింది.

ఉత్తరం రాద్దామన్న ఆలోచన నాదే. ఎదురుగా నిలబడి మాట్లాడితే నాకు వరస తప్పుతుంది. కాగితం మీద అయితే ఒకటి తర్వాత రెండు వస్తుంది.

ఇంగ్లీషులో రాశాను. దాని సారం ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి. రెండో సెషనల్ పరీక్షలో రెండో ప్రశ్నకు నా జవాబును మరోసారి పరిశీలించవలసిందిగా కోరుతూ ఈ క్రింది విషయాలు మనవి చేసుకుంటున్నాను.

ఒకటి. నేను అపసవ్య దిశను ధనాత్మకంగా తీసుకున్నాను. మూమెంట్లకూ, జాయింట్లు తిరిగిన కోణాలకూ, స్తంభాలు ఒరిగిన కోణానికీ ఇదే వర్తిస్తుంది.

రెండు. బలం కుడివైపుకు తోసినప్పుడు స్తంభాలు సవ్య దిశలో ఒరుగుతాయి. నా పద్ధతిలో ఆ ఒరుగుదల ఋణాత్మకం. సమీకరణంలో ఆ పదం ముందు మైనస్ ఉన్నది. మైనస్‌ను మైనస్‌తో గుణించగా అది ప్లస్ అయినది. మీరు గుర్తు పెట్టిన ప్లస్ ఇదే.

మూడు. అందువలన నా ఆరు మూమెంట్లూ, మీ పద్ధతిలో వచ్చే ఆరు మూమెంట్లూ పరిమాణంలో సమానం, గుర్తులో వ్యతిరేకం. ఒక్కటి కూడా మినహాయింపు లేదు.

నాలుగు. గుర్తుల పద్ధతి ఏదైనా, స్తంభానికి నిజంగా ఏ ముఖం సాగుతుందో ఏ ముఖం నలుగుతుందో అది మారదు. కనుక చివరి డయాగ్రమ్ రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే."

నాలుగో అంశం రాసి పెన్ను మూశాను. చాలా బాగా రాశానని అనిపించింది. శుభ్రప్రతి మర్నాడు తీద్దామని పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. నా క్లాసులోనే చదివే స్నేహితుడు ఒకడు ఫిషింగ్ హార్బర్‌కు రమ్మన్నాడు. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం, వాళ్ళ నాన్నది మరపడవ. వెళ్ళేసరికి పడవలు వచ్చేసి, వేలం సగమైంది. వాడు ఐసు పెట్టెల పక్కన కూర్చుని వల చిరుగు కడుతున్నాడు. ఉత్తరం చదివి వినిపించాను. చేతులు ఆపకుండా విన్నాడు.

"ఉత్తరాలు ఆడపిల్లలకి రాత్తారురా. నువ్వేటి, పెద్దాయనకి రాత్తన్నావు," అన్నాడు. తర్వాత అడిగాడు, "అపసవ్యం ప్లస్ అని పేపర్లో రాసావా?"

రాయలేదు. రాయలేదన్న సంగతి వాడు అడిగేదాకా నాకు తట్టలేదు. రెండు వేసవుల్లో కొన్ని వందల కాగితాల మీద లెక్కలు చూశాను. బాణం ప్రతి కాగితం మీదా అచ్చులో ఉంది. ఎవరూ గీయలేదు, ఎవరూ గీయక్కర్లేదు. పరీక్ష కాగితానికి ఆ మూల ఖాళీ. నా కంటికి అది ఖాళీగా కనబడలేదు.

వాడు వలను మోకాలి మీద బిగించి, వాళ్ళ లెక్క చెప్పాడు. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చేది. నీటికి అలా కాదు, నీరు ఉత్తరం అంటే ఉత్తరానికి పోతోందని. గాలికి వచ్చిన దిక్కు పేరు, నీటికి పోయే దిక్కు పేరు.

"ఒకటికొకటి తిరకాసే. అయినా పడవ మీద ఎప్పుడూ తగువు రాలేదు. ఎందుకంటే ఎక్కినోళ్ళందరికీ ముందే తెలుసు. నీ పడవలో నువ్వొక్కడివే ఎక్కావు. ఆయనకేటి తెలుసు?"

ఇంటికి వచ్చి మొదటి అంశం చివర ఒక వాక్యం కలిపాను: "ఈ విషయం జవాబు పత్రంలో రాయకపోవడం నా లోపం." అది రాయడం నాకేమీ కష్టం కాలేదు. ఒక లోపం ఒప్పుకుంటే మిగతా మూడు అంశాలకు బలం వస్తుందని లెక్క వేసుకున్నాను.

కష్టం నాలుగో అంశం దగ్గర వచ్చింది. "చివరి డయాగ్రమ్ ఒక్కటే" అన్నాను కాబట్టి, దానికి ఋజువుగా రెండు పద్ధతుల్లోనూ డయాగ్రమ్ గీసి ఉత్తరానికి జత చేద్దామనుకున్నాను. బావ ఆఫీసు నుంచి తెచ్చిన ట్రేసింగ్ ముక్క మీద కొత్తగా గీశాను. మూమెంట్ వల్ల స్తంభానికి ఒక ముఖం సాగుతుంది, ఎదుటి ముఖం నలుగుతుంది. సాగే ముఖం వైపు డయాగ్రమ్ గీయడం ఆయన నేర్పిన పద్ధతి. గీశాక, ట్రేసింగ్‌ను తీసుకెళ్ళి నా జవాబు పేపర్లో బొమ్మ మీద పెట్టాను. ఎడమ స్తంభం కలిసింది. దూలం కలిసింది. కుడి స్తంభం కలవలేదు.

ట్రేసింగ్ తిరగేశానేమోనని చూశాను. లేదు.

కుడి స్తంభాన్ని పరీక్షలో నేను ఎడమ స్తంభానికి అద్దంలో బొమ్మలా గీశాను. ఎలా గీశానో కూడా తెలిసింది. డ్రాయింగ్ ఆఫీసులో షెడ్డుకు ఎడమ కాలు ఒక్కటే పూర్తిగా గీస్తారు. కుడి కాలు పక్కన "ఆపోజిట్ హ్యాండ్" అని రెండు మాటలు రాస్తారు. అంటే ఇదే, తిరగేసి చేసుకోండి అని. వర్క్‌షాపు వాళ్ళు తిరగేసి చేసుకుంటారు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి ఎలాగో అలాగ. నా చెయ్యి పరీక్షలో ఆ పనే చేసింది. కాలు తిరగేస్తే తప్పు లేదు. పక్కనుంచి తోసే బలం మాత్రం తిరగేయడానికి వీల్లేదు. రెండు కాళ్ళూ ఒకే వైపుకు ఒరుగుతాయి, కాబట్టి రెండు స్తంభాలకూ పాదం దగ్గర ఎడమ ముఖమే సాగుతుంది, తల దగ్గర కుడి ముఖమే. నేను గీసిన దాని ప్రకారం ఒక కాలు ఎడమకు, ఒక కాలు కుడికి తోస్తూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. 4.2 టన్నులను ఆపే దిక్కు లేదు.

అంకెలన్నీ సరైనవే. బొమ్మలో ఒక్క స్తంభం తప్పు. ఆ బొమ్మ ఉన్న పేజీలో ఎర్ర గుర్తేదీ లేదు. ఆయన అక్కడిదాకా రాలేదని నా నమ్మకం మరింత గట్టిపడింది.

అప్పుడు గుర్తొచ్చింది, మొదటి క్లాసులోనే ఆయన చెప్పిన నియమం. సాగే ముఖం తప్పుగా చూపిస్తే, లెక్కంతా ఒప్పైనా ఐదో వంతుకు మించి మార్కులివ్వను అన్నారు. కాంక్రీటులో ఊచలు సాగే ముఖం వైపు వేస్తారు. సైటులో మేస్త్రీకి మీ సమీకరణాలు కనబడవు, బొమ్మే కనబడుతుంది అన్నారు. ఇరవైలో ఐదో వంతు నాలుగు.

నా ముందు రెండు దారులున్నాయి. నాలుగు అంశాలతో ఉత్తరం ఇస్తే ఆయన సైన్ దగ్గర నుంచి మళ్ళీ చదువుతారు. అంకెలన్నీ కలుస్తాయి. చివరి బొమ్మను పైపైన చూసి వదిలేయొచ్చు. నాకు కావలసినవి రెండు మార్కులు. ఐదో అంశం రాస్తే నాలుగు నాలుగుగానే ఉంటుంది. ఉక్కు కర్మాగారం వాళ్ళ జాబితాలో నా పేరుండదు.

మూడు రోజులు ఏమీ రాయలేదు. పేపరు తిరిగి ఇచ్చేయవలసిన గడువు దాటిపోయింది. బాగోలేదని కబురు పంపాను. ఆ మాట కూడా నిజం కాదు.

మూడో రోజు సాయంత్రం బావకు చూపించాను. ఆయన పంచలో కూర్చుని కంచంలో బఠాణీలు పెట్టుకుని తింటున్నాడు. పేపరూ, ట్రేసింగూ పక్కపక్కన పెట్టగానే చెప్పకముందే పట్టుకున్నాడు.

"ఆపోజిట్ హ్యాండ్ ఏసేసినావు," అని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "మా ఆఫీసు నీళ్ళు తాగినోడివని తెలిసిపోతాది."

తర్వాత నాకు ఆశ పుట్టించే మాట కూడా ఆయనే అన్నాడు. "అయినా బావా, గాలి ఈ పక్కనుంచీ వస్తాది, ఆ పక్కనుంచీ వస్తాది. రెండు ముఖాలకీ ఊసలు ఏత్తారు. నీ బొమ్మతో కట్టినా బిల్డింగు పడిపోదు."

అది నిజం. దాన్ని ఆరో అంశంగా రాయొచ్చా అని ఒక్క నిమిషం ఆలోచించాను. అదే అడిగాను.

బావ కంచం పక్కన పెట్టాడు. ఆఫీసులో ఒక డ్రాయింగు వర్క్‌షాపుకు వెళ్ళిపోయాక తప్పు కనబడితే ఏం చేస్తారో చెప్పాడు. ఆ బొమ్మ చుట్టూ మబ్బులాంటి గీత గీసి, పక్కన నంబరు వేసి, మళ్ళీ పంపిస్తారు. ఎవరు పట్టుకున్నారన్నది ఎవరూ అడగరు. పట్టుకున్నాక పంపకపోతే మాత్రం అడుగుతారు.

"నాను సెప్పేది ఒక్కటే. నీకు తెలీకముందు అది తప్పు. తెలిసినాక ఆ కాయితం మీద ఉన్నది నీ సంతకం. ఇంక నీ ఇష్టం. మీ అక్కకి మాత్రం ఇప్పుడే సెప్పకు, బస్సు గురించి బెంగెట్టుకుంటాది."

లోపలికి వెళ్ళి ఐదో అంశం రాశాను.

"ఐదు. ఈ ఉత్తరం రాయుచుండగా, నా డయాగ్రమ్‌లో కుడి స్తంభమునకు సాగే ముఖం తప్పుగా చూపినట్లు గమనించాను. అంకెలు సరియైనవే కాని బొమ్మ తప్పు."

శుభ్రప్రతి తీస్తున్నప్పుడు అన్నిటికంటే ముందు, కాగితం పైన ఎడమ మూలలో, ఒక చిన్న వంకర బాణం గీసి ప్లస్ పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీ గట్టు మీద ఉక్కు రేకుతో ఎవరో విద్యార్థులు చేసిచ్చిన చిన్న ఫ్రేమ్ నమూనా. కిటికీలోంచి దూరంగా సముద్రం, పోర్టు బయట వంతు కోసం ఆగిన ఓడలు. ఉత్తరమూ జవాబు పేపరూ బల్ల మీద పెట్టి, ముందుగా, నాకు ఒంట్లో బాగోలేదన్నది అబద్ధమని చెప్పాను. ఆయన తల ఊపి కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

ఉత్తరం నెమ్మదిగా చదివారు. మూలలో బాణం దగ్గర వేలు ఒక క్షణం ఆగింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చారు.

"ఇందులో మొదటి నాలుగూ నాకు తెలిసినవే," అన్నారు. "నీ సైన్లు సరిగ్గానే ఉన్నాయి. రెండో లైనులోనే తెలిసింది, బాణం తిప్పి పెట్టుకున్నాడని. నేనూ తిప్పుకుని చివరిదాకా చదివాను."

నాకు అర్థం కాలేదు. మరి ఆ ప్రశ్న గుర్తు ఎందుకని అడిగాను.

"ప్రశ్న గుర్తు అంటే ప్రశ్నే కదయ్యా. నీ బాణం ఎటని అడిగాను. దానికి మార్కులేమీ తీయలేదు."

"మరి నాలుగు, సార్?"

ఆయన ఉత్తరం నా వైపు తిప్పి, ఐదో అంశం కింద పెన్సిల్ మొన ఆనించారు. "దీనికి."

తర్వాత జవాబు పేపరులో బొమ్మ ఉన్న పేజీ తీశారు. కుడి స్తంభం పాదం కింద, గీతకు తగలకుండా, ఆవగింజంత ఎర్ర చుక్క ఉంది. నేను దాన్ని పోర్టు ధూళి అనుకున్నాను. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా అలాంటివి ఉంటాయి. ఒకరు గీసిన బొమ్మ మీద తాను ఎప్పుడూ ఇంటూ కొట్టనని ఆయన చెప్పారు. బొమ్మ తప్పయితే కింద చుక్క పెడతారట. ఇరవై ఏళ్ళుగా అంతేనట.

ఆ చుక్క అర్థం మాలో ఎవరికీ తెలియదని మెల్లగా అన్నాను. ఫిర్యాదుగా అనలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

ఆయన పెన్సిల్‌ను బల్ల అంచుకు సమానంగా పెట్టారు. తర్వాత దాన్ని మళ్ళీ కొంచెం జరిపారు.

"ఎవరికీ చెప్పలేదా నేను?"

"లేదు సార్."

బావ చెప్పిన గాలి సంగతి కూడా అప్పుడే అడిగేశాను, రెండు ముఖాలకూ ఊచలు వేస్తారు కదా అని. ఆయన మొదటిసారి కొంచెం నవ్వారు. కట్టడం మీద గాలి రెండు వైపులా వీస్తుంది, నిజమే. ప్రశ్నలో మాత్రం ఒక్క వైపునుంచే వీచిందని అన్నారు. ఉత్తరంతో అడిగావు కాబట్టి జవాబూ రాతలోనే ఇస్తానన్నారు.

రెండు రోజుల తర్వాత అటెండరు ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో మూడు అంశాలే ఉన్నాయి. ఒకటి, నీ గుర్తుల పద్ధతి సరైనదే, దానివల్ల మార్కులు తగ్గించలేదు. రెండు, నీ ఐదో అంశంలో నువ్వే చెప్పిన కారణం వల్ల మార్కులు మార్చడం లేదు. మూడు, నా గుర్తులకు అర్థం నేను ఎక్కడా రాయలేదు, ఆ లోపం నాది. కింద సంతకం.

ఆ కాగితాన్ని చాలాసార్లు చదివాను. ఎక్కడైనా రెండు మార్కులు దాక్కున్నాయేమోనని చూశాను. లేవు. ఉంటే ఆయన మూడో అంశం రాసి ఉండేవారు కాదేమో.

ముప్ఫై ఎనిమిది ముప్ఫై ఎనిమిదిగానే ఉండిపోయింది. ఇంటర్వ్యూలకు నా స్నేహితుడు వెళ్ళాడు. ఎంపికయ్యాడు. ఆ రోజు వాళ్ళింట్లో వంజరం కూరతో భోజనం పెట్టారు. వాడు నా ఉత్తరం సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తి, ఇద్దరమూ నవ్వుకున్నాం. అక్కకు బావ ఎప్పుడు చెప్పాడో తెలియదు. ఒక రోజు అన్నం పెడుతూ, "ఆ బస్సు ఎలాగూ ఈ సందులోకి రాదంటలేరా," అంది. అంతే, మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

మరుసటి ఏడాది ఆ ఒక్క సబ్జెక్టుకూ జూనియర్లతో కూర్చున్నాను. మూడో బెంచీ, గోడ పక్క. మొదటి క్లాసులో ప్రొఫెసర్ గారు బోర్డు మీద పైన ఎడమ మూలలో బాణం గీశారు. సవ్యంగానే, ఆయన పద్ధతిలోనే. దాని కింద ప్రశ్న గుర్తు వేసి, దాని కింద ఒక చుక్క పెట్టి, ఏది దేనికో చెప్పారు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి, ఒక విద్యార్థి రాసిన ఉత్తరం అని చదవడం మొదలుపెట్టారు. పేరు చెప్పలేదు, నా వైపు చూడలేదు. నాలుగు అంశాలు చదివి, ఫ్రేమ్‌నూ డయాగ్రమ్‌నూ బోర్డు మీద గీశారు. నేను గీసినట్టే, తప్పు తప్పుగానే. ఇందులో ఏది సరిగ్గా లేదో చెప్పండి అన్నారు.

పది నిమిషాలు క్లాసంతా సైన్ల గురించే వాదించుకుంది. ప్లస్సా మైనస్సా అని రెండు జట్లు అయ్యాయి. కుడి స్తంభం వైపు ఒక్కరూ చూడలేదు. నాకు తెలుసు కాబట్టి నేను చెయ్యి ఎత్తలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, రెండు కాళ్ళూ ఒకదానికొకటి ఎదురు తోసుకుంటున్నాయి కదా సార్ అంది. ఆయన సరే అని, ఐదో అంశం చదివారు. చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేను వేసిన మార్కు మారలేదు," అన్నారు. "ఈ బోర్డు మీద చుక్క మాత్రం ఆ ఉత్తరం వల్ల వచ్చింది."

ఆ సబ్జెక్టులో నాకు తర్వాత ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ అనవసరం. పాసయ్యాను.

ఇప్పుడు నేను బావ పనిచేసే ఆఫీసులోనే డిజైన్ బల్ల దగ్గర ఉన్నాను. ఉక్కు కర్మాగారం షెడ్లవి కొన్ని మా బల్లల మీదుగానే వెళుతున్నాయి. వాటి డ్రాయింగులు తీసుకోవడానికి అప్పుడప్పుడు నా స్నేహితుడే వస్తాడు. లెక్కల ప్యాడ్లు పాతవే. మూలలో అచ్చు బాణం ఉంటుంది. అయినా ప్రతి కాగితం మీదా దాని పైన పెన్సిల్‌తో ఇంకో బాణం గీసి మొదలుపెడతాను. మొదట్లో బావ అది చూసి, ఒక బాణానికి రెండు బాణాలేటి, నీకేటయినా ఎక్కువొచ్చిందా అని వెక్కిరించేవాడు. మొన్న ఆయన బోర్డు పక్కనుంచి వెళుతూ ఆగాను. షెడ్డు ఎడమ కాలు గీసి, కుడి కాలు దగ్గరికి వచ్చాడు. ఆపోజిట్ హ్యాండ్ అని రాయబోయి, పెన్ను ఎత్తి నా వైపు చూశాడు.

"ఇది రాయొచ్చేటి బావా, మీ ప్రొఫెసర్ని అడిగొత్తావా?"

అది స్తంభం అడుగు ప్లేటుకు బోల్టు రంధ్రాలు చూపించే బొమ్మ. తిరగేస్తే తప్పు లేదు. రాయమన్నాను.